ఆటలమ్మ పోసిన పిల్లను బడికి ఎప్పుడు పంపాలి: స్కూలుకు చెప్పే పద్ధతి, తేదీ ఖాయం చేసుకునే పద్ధతి

పిల్లకు ఆటలమ్మ పోసిందని తెలియగానే ఇంట్లో వేపమండలు సిద్ధమవుతాయి, చుట్టాలకు రావద్దని చెబుతారు, ఇంటి వంటలో తాలింపు కూడా ఆపేస్తారు. స్కూలుకు మాత్రం "జ్వరంగా ఉంది మేడమ్, రెండు మూడు రోజులు రాదు" అని ఒక మెసేజ్ వెళ్తుంది. ప్రాథమిక తరగతులకు పాఠాలు చెప్పే నాకు ఇలాంటి మెసేజ్‌లు ప్రతి ఏడాది చలికాలం చివర్లో, ఎండలు ముదిరే ముందు వస్తూనే ఉంటాయి. అసలు సంగతి వారం తర్వాత, పక్క బెంచీ పిల్లాడికి కూడా పొక్కులు వచ్చినప్పుడు బయటపడుతుంది. అప్పటికి చేయగలిగింది తక్కువ. మొదటి రోజే ఉన్నదున్నట్టు చెబితే స్కూలు చేయగలిగే పనులు చాలా ఉన్నాయి. తిరిగి పంపే తేదీ గురించి తర్వాత వచ్చే వాదనలు కూడా చాలావరకు తప్పుతాయి.

మొదటి పొక్కు కనిపించిన రోజును రాసిపెట్టుకోండి

ఈ వ్యవహారమంతా ఒక్క తేదీ చుట్టూ తిరుగుతుంది: ఒంటి మీద మొదటి మచ్చ కనిపించిన రోజు. జ్వరం మొదలైన రోజు, డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు లెక్కలోకి రావు. స్నానం చేయిస్తుండగానో జడ వేస్తుండగానో కడుపు మీద, వీపు మీద, మాడు మీద, చెవి వెనుక చిన్న ఎర్ర మచ్చలు కనిపిస్తాయి. కొన్ని గంటల్లో వాటిలో నీరు చేరి మంచుబిందువులా మెరుస్తాయి. ఒక రోజు గడిచేసరికి ఒకే చోట మూడు రకాలూ కనిపిస్తాయి: కొత్తగా లేచిన ఎర్ర మచ్చ, నీటిపొక్కు, పక్కు కడుతున్న పొక్కు. అన్నీ ఒకేసారి ఒకేలా కాకుండా విడతలు విడతలుగా రావడం, బాగా దురద పెట్టడం ఆటలమ్మ లక్షణాలు. అరచేతులు, అరికాళ్లు, నోటి చుట్టూ మాత్రమే పొక్కులుంటే అది చేతులు, పాదాలు, నోరు దెబ్బతినే వేరే వైరస్ జబ్బు కావచ్చు. దాని లెక్కలు వేరు కాబట్టి డాక్టరుకు ఒకసారి చూపించడం అవసరం.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు క్లినిక్‌కు ఫోను చేసి "ఆటలమ్మ అని అనుమానంగా ఉంది, ఎప్పుడు తీసుకురమ్మంటారు" అని అడగండి. పిల్లల క్లినిక్ వరండాలో నెలల పసికందులు, నిండు గర్భిణులు కూర్చుని ఉంటారు. ఈ వైరస్ పొక్కుల్లోని నీటి ద్వారానే కాకుండా ఊపిరి ద్వారా గాలిలో కూడా అంటుతుంది. అక్కడ అరగంట కూర్చోబెట్టడం మంచిది కాదు. కొందరు డాక్టర్లు బయట కారు దగ్గరికో ఆటో దగ్గరికో వచ్చి చూస్తారు, లేదా జనం లేని సమయం చెబుతారు.

జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే, పిల్ల బరువును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో ఇవ్వాలి. ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ గాని, ఐబుప్రోఫెన్ గాని ఈ జబ్బులో ఇవ్వకూడదు. మొదటిదానివల్ల కాలేయాన్ని, మెదడును దెబ్బతీసే అరుదైన ప్రమాదం ఉంది. రెండోదానికి చర్మం లోపలికి పాకే తీవ్రమైన ఇన్ఫెక్షన్లతో సంబంధం ఉన్నట్టు గమనించారు.

అదే రోజు స్కూలుకు చెప్పండి, డాక్టరు తేల్చేదాకా ఆగకండి

మచ్చలు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే పిల్ల ఇతరులకు అంటించగలదు. అంటే మంగళవారం మచ్చలు కనిపిస్తే సోమవారం తరగతిలో పక్కన కూర్చున్నవాళ్లకు, స్కూల్ ఆటోలో ఒళ్లో కూర్చోబెట్టుకున్న అక్కకు, మధ్యాహ్నం ఒకే పళ్లెంలో తిన్న స్నేహితురాలికి అప్పటికే సోకి ఉండవచ్చు. ఇందులో మీ తప్పేమీ లేదు. ఆ రోజు ఎవరికీ తెలిసే అవకాశం లేదు. కానీ మచ్చలు కనిపించిన తర్వాత ఒక్కో రోజు ఆలస్యం చేస్తే వెనక్కి తీసుకోలేని సమయం పోతుంది.

ఎందుకంటే తరగతిలో, వాళ్ల ఇళ్లలో కొందరికి ఇది మామూలు జబ్బు కాదు. రక్త క్యాన్సర్‌కు మందులు తీసుకుంటున్న పిల్లవాడు, మూత్రపిండాల జబ్బుకు నెలల తరబడి స్టెరాయిడ్లు వాడుతున్న పిల్ల, చిన్నప్పుడు ఆటలమ్మ రాని గర్భిణి టీచరు, ఆయమ్మ ఇంట్లోని పసికందు, వీళ్లకు ఇది ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. వాళ్లను కాపాడే ఇంజెక్షన్ ఉంది. జబ్బున్న పిల్ల దగ్గర ఉన్న రోజు నుంచి పది రోజుల లోపు, వీలైనంత త్వరగా ఇవ్వాలి. ఆరోగ్యంగా ఉండి టీకా వేయించుకోని పిల్లలకైతే మూడు రోజుల లోపు, మహా అయితే అయిదు రోజుల లోపు టీకా వేస్తే జబ్బు రాకుండానో తేలికగానో పోతుంది. గర్భిణులకు ఆ టీకా వేయరు, వాళ్లు తమ డాక్టరును అడిగి రక్షణ ఉందో లేదో రక్తపరీక్షతో చూసుకోవాలి. ఈ గడువులన్నీ మొదలయ్యేది మీ మెసేజ్ వెళ్లిన రోజు కాదు, అంటించగల స్థితిలో పిల్ల తరగతిలో కూర్చున్న రోజు. అందుకే "జ్వరం" అని రాసిన మెసేజ్ మీద నాకు అంత బాధ.

మెసేజ్ క్లాస్ టీచరుకు వ్యక్తిగతంగా పంపండి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో కాదు. జబ్బు పేరు స్పష్టంగా రాయండి. "అమ్మవారు" అని మాత్రమే రాస్తే తట్టునా, ఆటలమ్మనా అన్నది టీచరుకు అర్థం కాదు. రెండింటి జాగ్రత్తలూ ఒకటి కావు. ఇలా రాస్తే చాలు:

"నమస్కారం మేడమ్. 3వ తరగతి బి సెక్షన్, రోల్ నంబరు 14, మా పాపకు ఈ రోజు సాయంత్రం ఒంటి మీద నీటిపొక్కులు కనిపించాయి. ఆటలమ్మ, అంటే చికెన్‌పాక్స్ అని అనుమానం. రేపు డాక్టరుకు చూపించి ఖాయంగా చెబుతాము. పాప సోమవారం, ఈ రోజు తరగతికి, స్కూల్ ఆటోకు వచ్చింది. తరగతిలో గర్భిణులు గాని, పెద్ద జబ్బులకు మందులు వాడే పిల్లలు గాని ఉంటే దయచేసి వారికి ముందే తెలియజేయండి. మా పాప పేరు మాత్రం గ్రూపులో చెప్పవద్దని మనవి. కనీసం వారం రోజులు రాదు. తేదీ సంగతి శనివారం మీకు ఫోను చేసి మాట్లాడతాను."

ఇందులో టీచరుకు కావలసినవన్నీ ఉన్నాయి: మచ్చలు మొదలైన రోజు, పిల్ల ఆ ముందు ఏ రోజుల్లో ఎక్కడ తిరిగింది, ఖాయమా అనుమానమా, మళ్లీ ఎప్పుడు మాట్లాడతారు. పాప పొక్కుల ఫొటో పంపనవసరం లేదు. ఎవరైనా అడిగినా గ్రూపులో పెట్టకండి. ఆటో అన్నకు, ట్యూషన్ టీచరుకు, డాన్సు క్లాసుకు కూడా అదే రోజు ఒక మాట చెప్పండి. అక్కడ గదులు చిన్నవి, పిల్లలు దగ్గర దగ్గరగా కూర్చుంటారు.

స్కూలు వైపు నుంచి తరగతి తల్లిదండ్రులకు వెళ్లవలసింది ఒక్క చిన్న సమాచారం: "3వ తరగతిలో ఒక విద్యార్థికి ఆటలమ్మ వచ్చింది. మీ పిల్లల ఒంటి మీద పొక్కులు కనిపిస్తే బడికి పంపకండి, మాకు తెలియజేయండి." సాధారణంగా ఈ జబ్బు సోకిన 10 నుంచి 21 రోజుల మధ్య బయటపడుతుంది. ఆ రోజులు ఏవో తేదీలతో సహా రాస్తే తల్లులు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటారు. ఒకరికి మించి పిల్లలకు వస్తే ప్రధానోపాధ్యాయులు దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చెప్పడం మంచిది.

తిరిగి పంపే తేదీ ఎలా తేలుతుంది

ఇక్కడే ఎక్కువ గందరగోళం. మూడు లెక్కలు ఒకదానికొకటి అడ్డుపడతాయి. ఇంట్లో పెద్దవాళ్లు "నీళ్లు పోసిన" రోజును బట్టి చెబుతారు. మూడో రోజో, అయిదో రోజో, తొమ్మిదో రోజో వేపాకు, పసుపు వేసిన నీళ్లతో స్నానం చేయిస్తే అమ్మవారు దిగిపోయినట్టు లెక్క. కొన్ని స్కూళ్లు పక్కులన్నీ రాలి ఒళ్లు శుభ్రంగా కనిపించేదాకా రావద్దంటాయి. డాక్టరు మాత్రం పొక్కులు ఎండాయా లేదా అని చూస్తారు.

అంటువ్యాధి పరంగా నిలబడేది మూడోదే. పొక్కులో నీరు ఉన్నంతకాలం వైరస్ అంటుతుంది. ఆఖరి పొక్కు కూడా ఎండి పక్కు కట్టాక అంటదు. సాధారణంగా ఇది మచ్చలు మొదలైన అయిదు నుంచి ఏడు రోజులకు జరుగుతుంది, పొక్కులు ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇంకా కొన్ని రోజులు పడుతుంది. అందుకని రెండు షరతులూ కలిసి నెరవేరాలి: మచ్చలు మొదలై కనీసం అయిదు రోజులు దాటాలి, తడి పొక్కు ఒక్కటి కూడా మిగలకూడదు. ఎండిన పక్కులు ఒంటి మీద ఉండగా బడికి పంపవచ్చు. అవి రాలడానికి రెండు మూడు వారాలు కూడా పడుతుంది, వాటివల్ల ఎవరికీ ప్రమాదం లేదు.

నీళ్లు పోయడం మీ ఆచారం. దానికి అడ్డు చెప్పేది ఏమీ లేదు. గోరువెచ్చని నీళ్లతో మెత్తగా ఒళ్లు కడగడం మొదటి రోజు నుంచే చేయవచ్చు, దానివల్ల గోకిన చోట చీము పట్టకుండా ఉంటుంది కూడా. కానీ మూడో రోజు నీళ్లు పోశాం కాబట్టి నాలుగో రోజు బడికి పంపుతాం అనడం సరికాదు. ఆ నాలుగో రోజున పాప వీపు మీద కొత్త విడత పొక్కులు లేస్తూ ఉండవచ్చు. ఇంట్లో తొమ్మిదో రోజే నీళ్లు పోస్తామంటే, పొక్కులు ముందే ఎండినా పరవాలేదు, స్కూలుకు ఆ తర్వాతి రోజు చెప్పండి. డాక్టరు లెక్క, ఇంటి లెక్క, ఈ రెంటిలో ఏది వెనుక వస్తే అది మీ తేదీ. ఇలా పెట్టుకుంటే నాయనమ్మ మాటా దక్కుతుంది, తోటి పిల్లలకూ ఇబ్బంది ఉండదు.

ఆఖరి పొక్కును కనిపెట్టడంలోనే ఓపిక కావాలి. మధ్యాహ్నం కిటికీ దగ్గర, పగటి వెలుగులో నిలబెట్టి చూడండి. ట్యూబ్‌లైటు కింద నీటిపొక్కుకీ కొత్త పక్కుకీ తేడా తెలియదు. తడి పొక్కు వెలుగును తిప్పి కొడుతుంది, పక్కు గోధుమ రంగులో, మెరుపు లేకుండా, వేలితో తాకితే గట్టిగా ఉంటుంది. జుట్టు పాయలు తీసి మాడు చూడండి. చెవుల వెనుక, చంకల్లో, తొడల లోపలి వైపు, వేళ్ల సందుల్లో, జారిపోయే సాక్స్ అంచు కింద చూడండి. నా అనుభవంలో అందరి కన్నూ తప్పేది మాడు మీద, మెడ వెనుక జుట్టు మొదలయ్యే చోట ఉన్న పొక్కులే. రోజూ ఒకే చోటిని, ఒకే వైపు నుంచి ఫొటో తీసుకుంటే నిన్నటికీ ఈ రోజుకీ కొత్తవి వచ్చాయో లేదో తెలుస్తుంది. ఆ ఫొటోలు మీ ఫోనులోనే ఉంచుకోండి. నోటి లోపలివి, మూత్రద్వారం దగ్గరివి మాత్రం పక్కు కట్టవు, చిన్న పుండ్లలా మారి మానిపోతాయి. వాటి గురించి డాక్టరునే అడగండి.

టీకా వేయించుకున్న పిల్లలకు కూడా ఒక్కోసారి వస్తుంది. అప్పుడు మచ్చలు తక్కువ, చాలావరకు నీరు పట్టవు, పక్కు కట్టకుండానే వాడిపోతాయి. అలాంటప్పుడు పక్కు కోసం ఎదురుచూడడం అనవసరం. వరుసగా ఒక రోజంతా, అంటే 24 గంటలు, కొత్త మచ్చ రాకపోతే, ఉన్నవి తగ్గుముఖం పడితే చాలు. అయితే వీళ్లు కూడా అంటించగలరు కాబట్టి "టీకా వేయించాం కదా, ఇది ఆటలమ్మ కాదు" అని పంపేయకండి.

జబ్బు మలుపు తిరిగితే తేదీ మాట పక్కన పెట్టాలి. తగ్గిన జ్వరం మళ్లీ వస్తే, నాలుగు రోజులైనా జ్వరం వదలకపోతే, పొక్కు చుట్టూ ఎర్రగా వాచి నొప్పి పెడితే, ఊపిరి కష్టమైతే, పిల్ల మగతగా ఉంటే లేదా నడక తూలుతుంటే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఒక ఉదాహరణ, తేదీలతో

మూడో తరగతి పాపకు ఫిబ్రవరి 3, మంగళవారం సాయంత్రం మొదటి మచ్చలు కనిపించాయనుకుందాం. రెండు రోజులు వెనక్కి లెక్కేస్తే ఆదివారం నుంచే అంటించగల స్థితిలో ఉంది. కాబట్టి స్కూలుకు చెప్పవలసింది సోమ, మంగళ వారాలు. సోమవారం సోకినవాళ్లలో ముందుగా జబ్బు పడేవాళ్లు ఫిబ్రవరి 12న, మంగళవారం సోకినవాళ్లలో ఆఖరున పడేవాళ్లు ఫిబ్రవరి 24న బయటపడతారు. ఆ మధ్య రోజులు తరగతి తల్లిదండ్రులు కనిపెట్టుకుని ఉండవలసినవి.

బుధ, గురు, శుక్రవారాల్లో కొత్త పొక్కులు వస్తూనే ఉన్నాయి. శనివారం ఉదయం ఎడమ చెవి వెనుక ఒకటి లేచింది, ఆ తర్వాత కొత్తవి లేవు. శనివారం తల్లి టీచరుకు ఫోను చేసింది.

"మేడమ్, ఈ రోజు ఉదయం కూడా ఒక కొత్త పొక్కు వచ్చింది. సోమవారం పంపలేము. మంగళవారం, 10వ తేదీ అనుకుంటున్నాము, సోమవారం సాయంత్రం చూసి ఖాయం చేస్తాను."

"సరేనండీ. మంగళవారం తెలుగు యూనిట్ పరీక్ష ఉంది, దాని కోసం తొందరపడకండి. తర్వాత రాయిస్తాను. హోంవర్క్ రోజూ పంపుతాను, ఓపిక ఉంటేనే చేయించండి."

ఈ సంభాషణలో తేదీ ఖాయం కాలేదు, ఖాయం చేసే రోజు ఖాయమైంది. అదే సరైన పద్ధతి. మొదటి రోజే "10న వస్తుంది" అని మాట ఇస్తే, ఆ రోజు తడి పొక్కు ఉన్నా పంపాలన్న ఒత్తిడి మీ మీదే పడుతుంది.

సోమవారం, 9వ తేదీ సాయంత్రానికి చెవి వెనుకది కూడా పక్కు కట్టింది. మచ్చలు మొదలై అయిదు రోజులు ఎప్పుడో దాటాయి. వైద్యపరంగా మంగళవారం పంపవచ్చు. కానీ ఇంట్లో నాయనమ్మ తొమ్మిదో రోజు, 11వ తేదీ బుధవారం నీళ్లు పోయాలంది. అయితే గురువారం, 12న బడికి. సోమవారం సాయంత్రమే తల్లి మెసేజ్ పెట్టింది: "మేడమ్, పొక్కులన్నీ ఎండాయి. శనివారం తర్వాత కొత్తవి రాలేదు. ఇంట్లో బుధవారం నీళ్లు పోస్తున్నాము. గురువారం, 12వ తేదీ పంపుతాము. డాక్టరు చీటీ తీసుకొస్తాము." టీచరు "అలాగేనండీ, 12న తరగతికి నేరుగా పంపండి" అని రాసింది. ఆ ఒక్క జవాబు చేతిలో ఉంటే గేటు దగ్గర ఎవరూ ఆపరు.

స్కూలు తొందరపెట్టినా, ఆలస్యం చేయమన్నా

పరీక్షలు దగ్గరపడ్డప్పుడు కొన్ని స్కూళ్లు "వచ్చి వేరే గదిలో రాయనివ్వండి" అంటాయి. వేరే గది అన్నా, పిల్ల వరండా మీదుగా నడవాలి, ఇన్విజిలేటర్ ఎదురుగా కూర్చోవాలి. తడి పొక్కులుంటే మర్యాదగానే వద్దనండి: "పొక్కులు ఎండలేదు, డాక్టరు పంపవద్దన్నారు. పరీక్ష తర్వాత ఏ రోజు రాయించగలరో చెప్పండి." ఈ మాట ఫోనులో అన్నా, తర్వాత రాతపూర్వకంగా కూడా పంపండి. హాజరు లెక్కలు చూసే రోజున అది అక్కరకొస్తుంది.

దీనికి ఎదురు సమస్య ఎక్కువగా కనిపిస్తుంది. ఆఫీసు గదిలో "21 రోజులు అయ్యాకే రండి" అంటారు, లేదా పక్కులు చూసి గేటు నుంచే వెనక్కి పంపుతారు. 21 రోజుల లెక్క సోకినవాళ్లు ఎంతకాలం కనిపెట్టుకుని ఉండాలో చెప్పేది. వచ్చి తగ్గిన పిల్లకు అది వర్తించదు. ఇలాంటప్పుడు వాదన పెంచకుండా డాక్టరు సర్టిఫికెట్ అడగండి. "ఆరోగ్యంగా ఉంది" అని మాత్రమే రాసిన సర్టిఫికెట్ సరిపోదు. మచ్చలు మొదలైన తేదీ, పొక్కులన్నీ ఎండి పక్కు కట్టినట్టు చూసిన తేదీ, ఏ రోజు నుంచి బడికి వెళ్లవచ్చో ఆ తేదీ, ఎండిన పక్కులు అంటవని ఒక వాక్యం, ఈ నాలుగూ రాయించండి. ఆఖరి వాక్యం ఉంటే ప్రధానోపాధ్యాయులు మరో తల్లికి సమాధానం చెప్పుకోగలుగుతారు. స్కూలు భయపడేది మీ పిల్లకు కాదు, రేపు ఇంకో తల్లిదండ్రి వచ్చి అడిగితే ఏం చెప్పాలో తెలియక.

హాస్టల్లో, గురుకులంలో ఉన్న పిల్లలకు మరో చిక్కు. వార్డెన్ ఫోను చేసి "వచ్చి తీసుకెళ్లండి" అంటారు. తడి పొక్కులతో పిల్లను మూడు గంటలు ఆర్టీసీ బస్సులో కూర్చోబెడితే బస్సులో ఇతరులకు సోకవచ్చు. హాస్టల్లో వేరే గది, చూసుకునే మనిషి ఉంటే అక్కడే ఉంచడం నయం. అలా వీలుకాకపోతే సొంత బండిలోనో మాట్లాడుకున్న కారులోనో, ముందే ఆటలమ్మ వచ్చిపోయిన పెద్దవాళ్లతో తీసుకురండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ సంగతి వార్డెన్‌కు ముందే చెప్పండి.

తిరిగి వెళ్లిన రోజు, తర్వాత ఇంట్లో రెండో పిల్ల

ఉదయం స్నానం చేయించేటప్పుడు ఆఖరిసారి చూడండి. గోళ్లు కత్తిరించండి. దురద ఇంకా ఉంటే మెత్తని నూలు బట్టలు వేయండి. ఆటల పీరియడ్‌లో ఎండలో పరుగులు కొన్నాళ్లు వద్దని ఒక చీటీ రాసివ్వండి, నీరసం వారం దాకా ఉంటుంది. బెంచీ మార్చమని అడగవలసిన పని లేదు. ముఖం మీద నల్లటి పక్కులు చూసి పిల్లలు దూరంగా జరిగితే పాప చిన్నబుచ్చుకుంటుంది. ఆ సంగతి క్లాస్ టీచరుకు ముందే చెబితే, "ఇప్పుడు అంటదు" అన్న మాట ఆమె తరగతిలో అందరి ముందూ చెబుతుంది.

ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ల టీచరుకు కూడా మొదటి రోజే చెప్పాలి. ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు, ముందు రాకపోయి, టీకా కూడా లేకపోతే, దాదాపు తప్పకుండా సోకుతుంది. ఆరోగ్యంగా ఉన్నంతవరకు ఆ పిల్లవాణ్ణి బడి మాన్పించనవసరం లేదు, కానీ స్కూలుతో మాట్లాడి నిర్ణయించుకోండి. వాడి తరగతిలో మందులు వాడే పిల్లలున్నారని టీచరు చెబితే ఆ రోజుల్లో ఇంట్లోనే ఉంచడం మంచిది. పై ఉదాహరణలో తమ్ముడిని కనిపెట్టవలసిన రోజులు ఫిబ్రవరి 11 నుంచి మార్చి 2 దాకా. ఆ రోజుల్లో రోజూ ఉదయం చొక్కా వేసే ముందు కడుపు, వీపు, మాడు ఒకసారి చూసి పంపండి. ఒక్క మచ్చ కనిపించినా ఆ రోజు పంపకుండా, తేదీ రాసుకుని, వాళ్ల టీచరుకు మళ్లీ మొదటి మెసేజ్ పెట్టండి.